కొత్త కస్టమర్‌కి మార్చిలో ఫోన్ చేస్తే పని ఎందుకవ్వదు

ఫిబ్రవరి మూడో వారం దాటిందంటే ఫ్యాక్టరీల్లో పర్చేజ్ మేనేజర్ల ఫోన్లు ఖాళీగా ఉండవు. "సార్, ఇయర్ ఎండింగ్ కదా, బడ్జెట్ ఏమన్నా మిగిలిందా" అని ఒకటే కాల్స్. ఆ చేసేవాళ్లలో చాలామంది ఆ కంపెనీకి అంతకుముందు ఒక్క బిల్లు కూడా వెయ్యని వాళ్లే. వాళ్ల లెక్క ఏంటంటే, మిగిలిన డబ్బు మార్చి 31 దాటితే మురిగిపోద్ది, అందుకని ఎవరికో ఒకరికి ఇచ్చేస్తారు, ఆ ఎవరో మనమే ఎందుకు కాకూడదు అని. డబ్బు మురిగిపోవడం వరకు నిజమే. కానీ అది ఎవరికో ఒకరికి పోదు, ఆల్రెడీ ఆ కంపెనీ సిస్టమ్‌లో సప్లయర్ నంబర్, అంటే వెండర్ కోడ్ ఉన్నవాళ్లకి పోద్ది.

ఎందుకంటే కొత్త వెండర్‌ని సిస్టమ్‌లోకి ఎక్కించడం ఒక పూటలో అయ్యే పని కాదు. జీఎస్టీ సర్టిఫికెట్, పాన్, క్యాన్సిల్డ్ చెక్కు, చిన్న పరిశ్రమల ఉద్యమ్ రిజిస్ట్రేషన్, సమాచారం గోప్యంగా ఉంచుతామనే ఎన్డీఏ ఒప్పందం, ఇవన్నీ తీసుకున్నాక ఫైనాన్స్ వాళ్లు కోడ్ క్రియేట్ చెయ్యాలి, ఫార్మా కంపెనీ అయితే కొన్ని రకాల కొనుగోళ్లకి నాణ్యత చూసే క్యూఏ వాళ్లు వెండర్ క్వాలిఫికేషన్ అని ఇంకో ఫైలు తెరుస్తారు. దీనికే వారాలు పట్టేస్తాయి. ఇంకోటి, పీవో, అంటే పర్చేజ్ ఆర్డర్, చేతికొచ్చినంత మాత్రాన ఆ ఏడాది బడ్జెట్ ఖర్చయినట్టు కాదు. సరుకు గేటు లోపలికి వచ్చి సరుకు అందిందని రాసే జీఆర్ఎన్ పడాలి, సర్వీస్ అయితే పని పూర్తయిందని డిపార్ట్‌మెంట్ సంతకం పెట్టాలి, అప్పుడే అకౌంట్స్ వాళ్లు దాన్ని ఈ ఏడాది ఖర్చులో రాస్తారు. మార్చి 28న పీవో తెచ్చుకుని మేలో డెలివరీ ఇస్తే ఆ ఖర్చు వచ్చే ఏడాది లెక్కలోకే వెళ్తుంది, అంటే మిగిలిన డబ్బు వాడుదామనుకున్న మేనేజర్‌కి ఒరిగిందేమీ లేదు. అందుకే మార్చిలో నిజంగా కదిలేవి ఏంటో చూస్తే, స్టాక్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌లు, స్పేర్ పార్టులు, ఆల్రెడీ వాడుతున్న సాఫ్ట్‌వేర్‌కి అదనపు లైసెన్సులు, ఇలాంటివే. నాలుగు రోజుల్లో తెచ్చి పెట్టగలిగినవి. డెమో చూపించి, ట్రయల్ ఇచ్చి, నలుగురిని ఒప్పించాల్సిన కొత్త ప్రోడక్ట్ ఆ లిస్టులో ఉండదు.

కాబట్టి కొత్త కస్టమర్ దగ్గర చూడాల్సింది ఏడాది ముగిసే తేదీ కాదు, వచ్చే ఏడాది బడ్జెట్ షీటు నింపే తేదీ.

మన దేశంలో 2013 కంపెనీల చట్టం ప్రకారం దాదాపు అన్ని కంపెనీలకీ ఆర్థిక సంవత్సరం మార్చి 31తోనే ముగియాలి. అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటే, కొంచెం పద్ధతిగా నడిచే మీడియం సైజు కంపెనీలో అక్టోబర్-నవంబర్ ప్రాంతంలో ఫైనాన్స్ నుంచి అన్ని డిపార్ట్‌మెంట్లకి ఒక ఎక్సెల్ షీటు వస్తుంది. ఏం కావాలి, ఎందుకు కావాలి, సుమారు ఎంత, ఏ క్వార్టర్‌లో డబ్బు కావాలి, కొత్తదా పాతదాని బదులా లేక ఆడిట్ కోసమా, ఇలా కాలమ్స్ ఉంటాయి. ప్లాంట్ వాళ్లు నవంబర్ చివరికల్లా నింపి పంపుతారు, డిసెంబర్-జనవరిలో హెడ్ ఆఫీస్ కూర్చుని కోతలు పెడుతుంది, ఫిబ్రవరి-మార్చిలో బోర్డు ముందుకు వెళ్తుంది. కంపెనీ కంపెనీకీ నెల అటూ ఇటూ అవుతుంది, ప్రమోటరే అన్నీ చూసుకునే ఫ్యామిలీ కంపెనీల్లో అయితే ఈ షీటే ఉండదు, ఓనర్‌గారి మూడ్ ఎలా ఉంటే అలా. కానీ షీటు ఉన్నచోట మాత్రం అందులో మన లైను ఒకటి పడాలి. పడకపోతే తర్వాత ఏడాది పొడుగునా ఎంత బాగా డెమో ఇచ్చినా "బాగుంది సార్, కానీ బడ్జెట్‌లో పెట్టుకోలేదు" అనే మాటే వినపడుతుంది.

ఒక కేసు తీసుకుందాం. ఇది ఊహించినదే, అంకెలు కూడా అనుకున్నవే, కానీ నడిచే తీరు ఇదే. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీ ఉంది, గోడౌన్లలో టెంపరేచర్, తేమ ఎప్పటికప్పుడు రికార్డ్ చేసే సిస్టమ్ అమ్ముతుంది. ఒక ఫార్మా ప్లాంట్ గోడౌన్‌లో ఇంకా డేటా లాగర్లు చేత్తో తీసి కంప్యూటర్‌కి పెట్టి రీడింగులు దించుకుంటున్నారు. అక్కడ 40 పాయింట్లలో సెన్సర్లు కావాలి. హార్డ్‌వేర్, ఇన్‌స్టలేషన్, మ్యాపింగ్, వ్యాలిడేషన్ డాక్యుమెంట్లు అన్నీ కలిపి 14 లక్షలు, దాని మీద జీఎస్టీ. సాఫ్ట్‌వేర్‌కి ఏటా సబ్‌స్క్రిప్షన్ విడిగా 2 లక్షలు.

ఈ కంపెనీ మొదటి ఫోన్ ఎప్పుడు చెయ్యాలి? ఆగస్టులో. ఎందుకంటే షీటు నింపేది గోడౌన్ ఇన్‌చార్జో ఇంజనీరింగ్ మేనేజరో, ఆ మనిషికి ఈ సమస్య గురించి ఆలోచించడానికి, ఒకసారి వచ్చి చూడమనడానికి, క్యూఏ వాళ్లతో మాట్లాడుకోవడానికి రెండు నెలలైనా కావాలి. సెప్టెంబర్‌లో సైట్ విజిట్, అక్టోబర్ మొదటి వారంలో బడ్జెటరీ కోట్. నవంబర్‌లో షీటు వచ్చినప్పుడు ఆ మేనేజర్ చేతిలో ఒక కాగితం రెడీగా ఉండాలి, చూసి కాపీ చేసుకునేలా. ఆ సమయంలో ఆయన ఒక సాయంత్రంలో ముప్పై లైన్లు నింపుతుంటాడు, ఏ లైనుకి కాగితం దొరికితే దానికి సరైన అంకె పడుతుంది, దొరకని దానికి గుర్తున్న అంకె వేస్తాడు, లేదంటే వదిలేస్తాడు.

ఈ బడ్జెటరీ కోట్ దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఇది ఆర్డర్ కోసం ఇచ్చే కోట్ కాదు, షీటులో రాసుకోవడానికి ఇచ్చే అంచనా. ఎలాగైనా లోపలికి దూరాలని 11 లక్షలని రాసి ఇస్తే, జూన్‌లో అసలు కోట్ 14 అయినప్పుడు శాంక్షన్ 11కే ఉంటుంది, మిగతా 3 లక్షలకి ఆ మేనేజర్ మళ్లీ హెడ్ ఆఫీసుకి అదనపు అప్రూవల్ పెట్టుకోవాలి, అది ఏ మేనేజర్‌కీ ఇష్టముండని పని, ఎందుకంటే అంచనా వెయ్యడం చేతకాదని ఆయనకే పేరొస్తుంది. పోనీ సేఫ్‌గా ఉంటుందని 22 రాస్తే ఇంకో చిక్కు. కంపెనీల్లో డెలిగేషన్ ఆఫ్ పవర్స్ అని ఒకటి ఉంటుంది, ఎవరు ఎంతవరకు సంతకం పెట్టొచ్చో అందులో రాసి ఉంటుంది. ప్లాంట్ హెడ్ లిమిట్ 20 లక్షలు అనుకుంటే, 22 అనగానే ఫైలు ఆయన్ని దాటి ఎండీ దాకా వెళ్తుంది, పైగా కోతల మీటింగ్‌లో పెద్ద అంకె మీదే ముందు కన్ను పడుతుంది. మన కేసులో 15 నుంచి 15.5 లక్షల మధ్య రాయడం సబబు. జూన్ నాటికి రేట్లు పెరిగినా సర్దుకుంటుంది, పర్చేజ్ వాళ్లు బేరమాడితే తగ్గించడానికి కాస్త చోటుంటుంది. పన్ను విడిగా అని, రెండో ఏడాది నుంచి ఏటా మెయింటెనెన్స్‌కి కట్టే ఏఎంసీ ఎంతో, ఇది ఫలానా ఏడాది బడ్జెట్ కోసం ఇచ్చిన అంచనా అని అదే కాగితం మీద స్పష్టంగా రాయాలి.

సాఫ్ట్‌వేర్ 2 లక్షల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. హార్డ్‌వేర్ ఆస్తి కింద వస్తుంది కాబట్టి క్యాపెక్స్ షీటులోకి వెళ్తుంది, దాన్ని ఇంజనీరింగ్ వాళ్లు నింపుతారు. సబ్‌స్క్రిప్షన్ ఏటా కట్టే ఖర్చు కాబట్టి ఓపెక్స్, చాలా చోట్ల అది ఐటీ డిపార్ట్‌మెంట్ షీటులో ఉండాలి. ఐటీ హెడ్‌కి ఈ విషయం ఎవరూ చెప్పకపోతే ఏప్రిల్‌లో సెన్సర్లకి డబ్బు శాంక్షన్ అయి, వాటిని చూపించే సాఫ్ట్‌వేర్‌కి రూపాయి లేకుండా కూర్చుంటారు. అమ్మేవాళ్లు అక్టోబర్‌లోనే కోట్‌ని రెండు ముక్కలు చేసి ఇద్దరికీ పంపి ఉంటే ఇది రాదు. లేదా మొదటి ఏడాది సబ్‌స్క్రిప్షన్‌ని హార్డ్‌వేర్ ధరలో కలిపి అమ్ముతారు కొంతమంది, దానికి ఆ కంపెనీ అకౌంట్స్ వాళ్లు ఒప్పుకుంటారో లేదో ముందే అడగాలి, అన్ని చోట్లా ఒప్పుకోరు.

"ఎందుకు కావాలి" అనే కాలమ్‌లో ఏం రాస్తారన్నది కూడా అమ్మేవాళ్ల చేతిలో కొంత ఉంటుంది. "మోడర్నైజేషన్" అని రాసిన లైను జనవరిలో ఎగిరిపోద్ది. "ఫలానా ఆడిట్‌లో రీడింగుల మీద అబ్జర్వేషన్ వచ్చింది, దానికి జవాబుగా ఇది పెడతామని రాసిచ్చాం" అని ఉన్న లైను మీద చెయ్యి వెయ్యడానికి ఫైనాన్స్ జంకుతుంది. అది నిజమైతేనే రాయాలనుకోండి. సైట్ విజిట్‌లో అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న అదే, గత ఆడిట్‌లో గోడౌన్ గురించి ఏమన్నా రాశారా అని.

ఇక బోర్డు ఓకే అన్నాక ఏప్రిల్ 1నే ఆర్డర్ వస్తుందనుకుంటే పొరపాటే. ఏప్రిల్ అంతా అకౌంట్స్ వాళ్లు పాత ఏడాది లెక్కలు మూయడంలో, ఆడిటర్లకి జవాబులు చెప్పడంలో ఉంటారు. అప్రూవైన లైనుకి సిస్టమ్‌లో క్యాపెక్స్ నంబర్ పడాలి, అప్పుడు ఇండెంట్, పర్చేజ్ రిక్వెస్ట్, మూడు కొటేషన్లు, కంపారిజన్ స్టేట్‌మెంట్, నెగోషియేషన్, ఆ తర్వాత పీవో. అన్నీ సాఫీగా జరిగితే జూన్. అంటే ఆగస్టులో చేసిన ఫోన్‌కి పది నెలల తర్వాత ఆర్డర్. ఈ పది నెలలు జీతాలివ్వగలిగిన వాళ్లే ఈ ఆటకి దిగాలి, లేకపోతే మధ్యలో జనవరికల్లా ఓపిక అయిపోయి డిస్కౌంట్ మెయిల్స్ మొదలుపెడతారు, కోతల మీటింగ్ జరుగుతున్నప్పుడు 15 లక్షలని రాసిన చోటికి "స్పెషల్ ఆఫర్ 11 లక్షలు" అని మెయిల్ వస్తే ఫైనాన్స్ ఆ లైనుని అక్కడికక్కడే 11కి దించేస్తుంది, ఇంక అది పెరగదు.

జూన్ పీవో వల్ల ఇంకో ఉపయోగం ఉంది, దీన్ని వాడుకునే సేల్స్ వాళ్లు తక్కువ. ఇన్‌కంటాక్స్ లెక్కలో, ఆ ఏడాది కొన్న ఆస్తిని 180 రోజుల కంటే తక్కువ వాడితే తరుగుదల సగమే ఇస్తారు. మార్చి 31 నుంచి వెనక్కి లెక్కపెడితే 180 రోజులు అక్టోబర్ 3 దగ్గర తేలతాయి. అంటే సిస్టమ్ పెట్టి, నడిపించి, అక్టోబర్ 3 లోపు వాడకంలోకి తెస్తే కస్టమర్‌కి పూర్తి తరుగుదల వస్తుంది. అందుకని ఆగస్టు-సెప్టెంబర్‌లో పెండింగ్ పీవోల మీద తొందర చెయ్యడానికి ఇది నిఖార్సైన కారణం, "ఆఫర్ అయిపోతుంది సార్" లాంటిది కాదు. ఇదే రూల్ మార్చికి కూడా పనికొస్తుంది, మార్చి 31న మొదలుపెట్టినా సగం తరుగుదల వస్తుంది కాబట్టి లాభాల్లో ఉన్న చిన్న కంపెనీల ఓనర్లు ఏడాది చివర్లో మెషీన్లు కొంటారు, కానీ బిల్లు చేతిలో ఉంటే సరిపోదు, మెషీన్ వాడకంలోకి వచ్చి ఉండాలి.

ఇప్పటిదాకా చెప్పిందంతా మార్చి క్యాలెండర్. హైదరాబాద్‌లో అమ్మేవాళ్లకి అసలు తికమక హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు వెళ్తే మొదలవుద్ది. అక్కడున్న అమెరికా, ఇతర విదేశీ కంపెనీల సెంటర్లు చట్టం కోసం ఇక్కడి పుస్తకాలు మార్చి 31కి మూస్తాయి, విదేశీ మాతృసంస్థ ఉన్న కంపెనీ కావాలంటే పర్మిషన్ తీసుకుని వేరే తేదీ పెట్టుకునే వీలు కూడా ఉంది, కానీ ఖర్చు పెట్టే బడ్జెట్ మాత్రం మాతృసంస్థ సంవత్సరాన్ని బట్టి నడుస్తుంది. మైక్రోసాఫ్ట్‌కి ఏడాది జూన్ 30తో ముగుస్తుంది. ఒరాకిల్‌కి మే 31, యాక్సెంచర్‌కి ఆగస్టు 31, సేల్స్‌ఫోర్స్‌కి జనవరి 31. అమెరికా బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీల్లో ఎక్కువ భాగం డిసెంబర్ 31. ఒకే రోడ్డు మీద పక్కపక్క బిల్డింగులకి ఒకే నెలలో ఒకే మెయిల్ కొడితే, ఒకరు షీటు నింపుతుంటారు, ఒకరు ఖర్చులు ఆపేసి ఉంటారు.

వీళ్ల తేదీ కనుక్కోవడం కష్టమేం కాదు. అమెరికా స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీ ఏటా వేసే 10-K రిపోర్టు మొదటి పేజీలోనే `For the fiscal year ended` అని తేదీ ఉంటుంది. ఆ తేదీ నుంచి మూడు నాలుగు నెలలు వెనక్కి వెళ్తే షీటు నింపే కాలం సుమారుగా దొరుకుతుంది. డిసెంబర్ కంపెనీకి అది ఆగస్టు-సెప్టెంబర్ ప్రాంతం, అంటే ఏప్రిల్-మే నుంచే పరిచయం మొదలవ్వాలి. కానీ ఒక్క జాగ్రత్త, ఇక్కడి సెంటర్ హెడ్ చేతిలో ఎంత ఉంది, అక్కడి బాస్ చేతిలో ఎంత ఉంది అన్నది రిపోర్టులో దొరకదు. క్యాంటీన్, క్యాబ్‌లు, ఫర్నిచర్, ట్రైనింగ్ లాంటివి ఇక్కడే తేలే అవకాశం ఎక్కువ, సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే నిర్ణయం సాధారణంగా అక్కడే. మనిషిని కలిసినప్పుడు "మీ బడ్జెట్ ఎంత" అని అడగడం కంటే "వచ్చే ఏడాదికి మీ నంబర్లు ఎప్పటికల్లా పంపాలి, ఎవరికి పంపాలి" అని అడిగితే అవతలివాళ్లు సులువుగా చెప్తారు, పైగా ఈ రెండు జవాబులతోనే క్యాలెండర్ మొత్తం తెలిసిపోద్ది.

గవర్నమెంట్‌కి అమ్మేవాళ్ల లెక్క వేరు. కేంద్ర ప్రభుత్వంలో చివరి క్వార్టర్‌లో బడ్జెట్ అంచనాలో 33 శాతం, ఒక్క మార్చిలో 15 శాతం మించి ఖర్చు పెట్టకూడదని మామూలుగా నడిచే నిబంధన ఒకటి ఉంది, ఏడాది చివర్లో ఖర్చుల కోసం ఎగబడటం ఆర్థిక క్రమశిక్షణకి విరుద్ధమని జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లోనే రాసి ఉంది. కాబట్టి మార్చి మీద మొత్తం ఆశ పెట్టుకోవడం అక్కడా కుదరదు. 2017 నుంచి బడ్జెట్ ఫిబ్రవరి 1నే పెడుతున్నారు, దానికోసం మంత్రిత్వశాఖలు నెలల ముందే, చలికాలం రాకముందే అంచనాలు తయారుచేస్తాయి, అదే సమయంలో నడుస్తున్న ఏడాదికి సవరించిన అంచనాలు కూడా వేస్తారు. ఆ సవరణలో డబ్బు తగ్గిన శాఖ జనవరిలో ఎంత ప్రేమగా మాట్లాడినా కొనలేదు.

అమెరికాలో ఫెడరల్ గవర్నమెంట్‌కి సబ్‌కాంట్రాక్ట్ చేసే తెలుగువాళ్ల ఐటీ కంపెనీలకి ఈ గొడవ సెప్టెంబర్‌లో వస్తుంది, అక్కడ ఏడాది సెప్టెంబర్ 30తో ముగుస్తుంది. లీబ్‌మన్, మహోనీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2017లో అచ్చైన పరిశోధనలో ఫెడరల్ కాంట్రాక్టులు లెక్కేసి చూస్తే, ఏడాది చివరి వారంలో పెట్టే ఖర్చు మిగతా వారాల సగటుకి దాదాపు 5 రెట్లు ఉంది, ఆ వారంలో మొదలైన ఐటీ ప్రాజెక్టుల నాణ్యత మిగతావాటికంటే బాగా తక్కువ. హడావుడిగా వచ్చిన ఆర్డర్ ఎలా ఉంటుందో దీన్ని బట్టే తెలుస్తుంది, స్పెసిఫికేషన్ సగం రాసి ఉంటుంది, అవతల పని చెప్పే మనిషి ఎవరో తేలదు. పైగా అక్టోబర్ 1 నాటికి కాంగ్రెస్ బడ్జెట్ పాస్ చెయ్యకపోతే కంటిన్యూయింగ్ రిజల్యూషన్ అనే తాత్కాలిక నిధుల చట్టం మీద నడుస్తారు, అప్పుడు పాత పనులే సాగుతాయి, సాధారణంగా కొత్తవి మొదలుపెట్టనివ్వరు. కొత్త ప్రోగ్రామ్ మీద ఆశ పెట్టుకున్నవాళ్లు అందుకే అక్టోబర్-డిసెంబర్‌కి ఆదాయం రాసుకోకూడదు.

మళ్లీ మన ఫార్మా ప్లాంట్ దగ్గరికి వస్తే, ఎప్పుడు వెళ్లినా వినపడేది "బడ్జెట్ లేదు" అనే ఒక్క మాటే, కానీ ఏ నెలలో అన్నారన్నదాన్ని బట్టి దాని అర్థం మారుతుంది. అక్టోబర్‌లో అంటే షీటు ఇంకా తెరిచే ఉంది, లైను పెట్టించొచ్చు, అయినా లేదంటున్నారంటే ఆ మనిషికి వస్తువు మీద ఇష్టం లేదన్నమాట. ఫిబ్రవరిలో అంటే నిజంగానే లేదు. మే నెలలో అంటే రెండు రకాలు, ఒకటి లైను కోతలో పోయింది, రెండోది లైను ఉంది కానీ డబ్బు ఇంకా రిలీజ్ కాలేదు. ఈ రెండోదాన్ని చాలామంది "నో" అనుకుని ఫైలు మూసేస్తారు. తేడా తెలియాలంటే ఏప్రిల్ మూడో వారంలో ఒక చిన్న మెయిల్ చాలు, "మన లైనుకి క్యాపెక్స్ నంబర్ వచ్చిందా" అని. నంబర్ చెప్పారంటే డబ్బుంది, క్యూలో ఉంది. "ప్రాసెస్‌లో ఉంది" అంటే ఇంకో రెండు వారాలు ఆగాలి. నంబర్ అనే మాటే అర్థం కానట్టు మాట్లాడితే, నవంబర్‌లో ఆయన ఆ లైను షీటులో పెట్టనే లేదు.

కోతలో పోయిందని తేలితే ఇంకొక్క ప్రశ్న మిగులుతుంది, తీసేశారా, వాయిదా వేశారా అని. వాయిదా వేసిన లైన్లని చాలా కంపెనీలు సెప్టెంబర్ ముగిశాక అర్ధ సంవత్సరం రివ్యూలో మళ్లీ బయటికి తీస్తాయి, ఎందుకంటే అప్పటికి ఏదో ఒక పెద్ద ప్రాజెక్ట్ ఆలస్యమై దాని డబ్బు ఖాళీగా ఉంటుంది. అలాంటి లైనుకి సెప్టెంబర్ మొదటి వారంలో బడ్జెటరీ కోట్‌ని కొత్త తేదీతో మళ్లీ పంపాలి, అంకె మార్చకుండా, పాత కోట్ నంబర్ అందులో చూపిస్తూ. అప్పుడు వచ్చిన ఆర్డర్‌కి వెండర్ కోడ్ దగ్గర్నుంచి ఇన్‌స్టలేషన్ దాకా అన్నీ ముగించడానికి మార్చి 31కి ముందు ఐదారు నెలలు చేతిలో ఉంటాయి.